నంబర్లు గడులకు కాదు, గీతలకు వేయండి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో ఒక మేడ మీద గదిలో, సాయంత్రం పూట కొంతమంది బీటెక్ పిల్లలతో కూర్చుని ప్రోగ్రామింగ్ లెక్కలు చేయిస్తుంటాను. ఈమధ్య టూ డైమెన్షనల్ ప్రిఫిక్స్ సమ్స్ నడుస్తున్నాయి. అంటే మాట్రిక్స్ పై ఎడమ మూల నుంచి ప్రతి చోటి దాకా ఉన్న అంకెల మొత్తాలను ముందే ఒక పట్టికలో పెట్టుకుని, మధ్యలో ఏ దీర్ఘచతురస్రం ముక్క మొత్తం అడిగినా ఆ పట్టికలోని నాలుగు విలువలతో తేల్చేయడం. నరసన్నపేట నుంచి వచ్చే కుర్రాడొకడు లాప్‌టాప్ నావైపు తిప్పి, "మాస్టారూ, ఆన్సర్ 16 రావాలి, 15 వస్తోంది. ఒక్కటే కదా తక్కువని చివర ప్లస్ వన్ పెట్టాను, సరిపోయింది" అన్నాడు.

ఆ గదిలోనే పొద్దున బ్యాచ్‌కి చెప్పే ఆయన బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి వదిలేసిన మాట ఒకటి ఉంది: "మైనస్ వన్ దగ్గర జాగ్రత్త!" పిల్లలందరూ దాన్ని నోట్సులోకి ఎక్కించుకున్నారు. ఈ కుర్రాడి నోట్సులో అయితే దాని కింద రెండు గీతలు కూడా ఉన్నాయి. జాగ్రత్తగానే రాశాడు, అయినా తప్పు వచ్చింది.

లెక్క ఒకటి అటో ఇటో జరిగిపోయే ఆఫ్ బై వన్ తప్పులను అజాగ్రత్త ఖాతాలో వేయడం నాకు నచ్చదు. సబ్‌మాట్రిక్స్ మొత్తాల విషయంలో మరీ నచ్చదు. ఇక్కడ తప్పు పుట్టేది చేతిలో కాదు, పట్టిక పెట్టుకున్న పద్ధతిలో. ప్రిఫిక్స్ పట్టికలో ఉండే ఇండెక్స్ దేనికి పేరు అన్న ప్రశ్నకు మొదటే జవాబు తేల్చుకోకపోతే, ఎంత జాగ్రత్తపరుడైనా నాలుగు పదాల ఫార్ములాలో ఎక్కడో ఒకచోట జారతాడు. తేల్చుకుంటే ఆ ఫార్ములాలో మైనస్ వన్ అనేదే ఉండదు.

ఆ 15 ఎక్కడిది?

కుర్రాడు తీసుకున్న మాట్రిక్స్ చిన్నది. మూడు రోలు, నాలుగు కాలమ్‌లు.

```
4 2 5 1
3 6 0 2
1 7 3 8
```

దీనికి పైన ఒక సున్నాల రో, ఎడమ పక్క ఒక సున్నాల కాలమ్ చేర్చి ప్రిఫిక్స్ పట్టిక కట్టాడు. పట్టికలో లోపమేమీ లేదు.

```
0  0  0  0  0
0  4  6 11 12
0  7 15 20 23
0  8 23 31 42
```

క్వెరీ: సున్నా నుంచి లెక్కపెడితే 1, 2 రోలు, 1, 2 కాలమ్‌లు. అంటే 6, 0, 7, 3. మొత్తం 16. అతని ఫార్ములా ఇది:

```
P[r2][c2] - P[r1-1][c2] - P[r2][c1-1] + P[r1-1][c1-1]
```

r1 = c1 = 1, r2 = c2 = 2 వేస్తే P[2][2] - P[0][2] - P[2][0] + P[0][0], అంటే 15 - 0 - 0 + 0. ఆ 15 అనేది 4, 2, 3, 6ల మొత్తం. కిటికీ మొత్తంగా ఒక గడి పైకి, ఒక గడి ఎడమకి జరిగిపోయింది. అడిగిన నాలుగు గడుల్లో మూడింటిని అతని కోడ్ చూడనే లేదు. జవాబు సరిగ్గా ఒకటి తక్కువగా రావడం కేవలం ఈ అంకెల యాదృచ్ఛికం.

ప్లస్ వన్ చేర్చిన కోడ్‌నే ఇంకో క్వెరీకి పెట్టించాను. 1వ రో ఒక్కటే, కాలమ్‌లు 1 నుంచి 3. రావాల్సింది 6 + 0 + 2 = 8. వచ్చింది 12. జరిగిపోయిన కిటికీ 4, 2, 5ని కూడి 11 తెచ్చింది, దానికి చివరి ప్లస్ వన్ తోడైంది. ఇంకా చిత్రం ఏమిటంటే, 1, 2 రోలు, 2, 3 కాలమ్‌ల క్వెరీకి సరైన జవాబు 13. ప్లస్ వన్ తీసేసిన పాత తప్పు కోడ్ ఇచ్చేది కూడా 13. శాంపిల్‌లో ఆ ఒక్క క్వెరీయే ఉండి ఉంటే కుర్రాడు ధైర్యంగా సబ్మిట్ కొట్టేవాడు.

అతను వాడిన పట్టికా సరైనదే, ఫార్ములా కూడా ఒక పుస్తకంలో సరైనదే. రెండూ వేర్వేరు పద్ధతులకు చెందినవి, అంతే. సున్నాల రో లేని పట్టికకు సున్నా నుంచి ఇండెక్స్ పెడితే ఆ ఫార్ములా పనిచేస్తుంది. సున్నాల రో ఉన్న పట్టికకు ఒకటి నుంచి ఇండెక్స్ పెట్టినా పనిచేస్తుంది. సున్నాల రో ఉండి, ప్రశ్న సున్నా నుంచి లెక్కపెడితే పనిచేయదు. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఈ కలగాపులగమే. మైనస్ వన్ మర్చిపోయినవాళ్లు తక్కువ. అక్కర్లేని చోట గుర్తుపెట్టుకుని మరీ పెట్టినవాళ్లు ఎక్కువ.

గట్ల లెక్క

ఒకే వరసలో నాలుగు మడులున్నాయనుకుందాం. వాటికి గట్లు అయిదు: ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మధ్యలో మూడు. "రెండో గట్టు నుంచి నాలుగో గట్టు దాకా నాది" అంటే ఎవరికీ అనుమానం రాదు, మధ్యలో రెండు మడులు. "రెండో మడి నుంచి నాలుగో మడి దాకా" అంటే మాత్రం నాలుగోది కలిపా, కలపకుండానా అని అడగాలి, రెండూ కలిపితే మూడు మడులని లెక్కేసుకోవాలి.

ప్రిఫిక్స్ సమ్ స్వభావం గట్టు స్వభావమే. P[i][j] అంటే i అనే అడ్డగీతకు పైన, j అనే నిలువుగీతకు ఎడమన ఉన్నదంతా. అది ఏ గడికీ చెందిన విలువ కాదు, రెండు గీతలు కలిసే మూలకు చెందిన విలువ. n రోలుంటే అడ్డగీతలు n + 1, m కాలమ్‌లుంటే నిలువుగీతలు m + 1. పట్టిక (n+1) × (m+1) ఎందుకుండాలో దీంతోనే తేలిపోతుంది. చాలామంది ఆ సున్నాల రోను బోర్డర్ కేసులు తప్పించుకోవడానికి వేసిన అతుకుగా చెబుతారు. నేనలా అనుకోను. అది 0వ గీత. దానికి పైన ఏమీ లేదు కాబట్టి విలువ సున్నా. అది లేని పట్టికలోనే ఒక గీత తప్పిపోయింది.

ఇక సబ్‌మాట్రిక్స్ అంటే రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతలు. పై గీత r1, కింది గీత r2, ఎడమ గీత c1, కుడి గీత c2.

```python
def total(r1, c1, r2, c2):
    return P[r2][c2] - P[r1][c2] - P[r2][c1] + P[r1][c1]
```

మన క్వెరీకి గీతలు 1, 3, మళ్లీ 1, 3. అంటే 31 - 11 - 8 + 4 = 16. ఫార్ములాలో ఎక్కడా ప్లస్ వన్ లేదు, మైనస్ వన్ లేదు. రోల సంఖ్య r2 - r1, కాలమ్‌ల సంఖ్య c2 - c1. r1, r2 ఒకటే అయితే జవాబు దానంతటదే సున్నా అవుతుంది, దానికి వేరే if అక్కర్లేదు.

గుర్తుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. నాలుగో పదం ఎందుకు కలపాలో అందరూ బొమ్మ గీసి చెబుతారు: పై భాగం తీసేశాం, ఎడమ భాగం తీసేశాం, మూలనున్న ముక్క రెండుసార్లు పోయింది, అందుకని ఒకసారి తిరిగి కలుపుతున్నాం. ఈ వివరణ నిజమే. కానీ టెన్షన్‌లో గుర్తుకొచ్చేది బొమ్మ కాదు, గుర్తులే. వాటికి నేను చెప్పే దారి వేరు. రోల వైపు "కింది గీత మైనస్ పై గీత", కాలమ్‌ల వైపు "కుడి గీత మైనస్ ఎడమ గీత". ఈ రెండింటినీ బ్రాకెట్లు విప్పి గుణించినట్టు విప్పితే నాలుగు పదాలు వస్తాయి. r1 వచ్చిన ప్రతిసారీ ఒక మైనస్, c1 వచ్చిన ప్రతిసారీ ఒక మైనస్. రెండూ వచ్చిన చోట మైనస్ ఇంటూ మైనస్, ప్లస్. త్రీ డైమెన్షనల్‌కి వెళ్తే ఎనిమిది పదాలవుతాయి, సూత్రం మాత్రం మారదు. r1, c1 లాంటి మొదటి హద్దులు మూడూ కలిసిన పదానికి మైనస్ వస్తుంది. బొమ్మ మీద ఆధారపడినవాళ్లు అక్కడ ప్లస్ పెట్టేయడం చూశాను.

తప్పిపోయిన గీత చేసే అన్యాయం

గడుల పద్ధతి పట్టుకున్నవాళ్ల సంగతి చూద్దాం. సున్నాల రో లేదు, Q[i][j] అంటే ఆ గడితో కలిపి పైన, ఎడమన ఉన్నదంతా.

```
4  6 11 12
7 15 20 23
8 23 31 42
```

r1 సున్నా అయిన క్వెరీకి Q[-1] కావాల్సి వస్తుంది. if పెట్టి తప్పించుకోవచ్చు. పెట్టకపోతే ఏమవుతుందన్నదే అసలు సంగతి. పైథాన్‌లో Q[-1] అంటే ఎర్రర్ కాదు, ఆఖరి రో. కోడ్ మాట్లాడకుండా నడిచిపోతుంది.

0, 1 రోలు, 0, 1, 2 కాలమ్‌లు అడిగామనుకోండి. సరైన జవాబు 20. కోడ్ చేసేది Q[1][2] - Q[-1][2] - Q[1][-1] + Q[-1][-1], అంటే 20 - 31 - 23 + 42 = 8. ఈ 8 ఎవరిదో చూడండి. మాట్రిక్స్ కింది కుడి మూలనున్న గడిది. మొత్తం నుంచి పై రెండు రోలూ తీసి, ఎడమ మూడు కాలమ్‌లూ తీసి, రెండుసార్లు పోయినదాన్ని కలిపితే మిగిలేది ఎదురు మూల ముక్కే. ఇన్‌క్లూజన్ ఎక్స్‌క్లూజన్ అనే ఈ తీసి కలిపే లెక్క తన పని తాను సరిగ్గానే చేసింది, మనం అడగని దీర్ఘచతురస్రానికి చేసింది. జవాబు పాజిటివ్‌గా, నమ్మదగ్గ సైజులో ఉంటుంది కాబట్టి అనుమానం రాదు.

పై అంచుకు మాత్రమే ఆనుకున్న క్వెరీ అయితే కనీసం ఒక సూచన దొరుకుతుంది. 0, 1 రోలు, 1, 2 కాలమ్‌లకు సరైనది 13. కోడ్ ఇచ్చేది 20 - 31 - 7 + 8 = -10. అది మనం అడిగిన ముక్కకు కింద మిగిలిన 7, 3ల మొత్తం, మైనస్ గుర్తుతో. అన్నీ సున్నా లేదా పాజిటివ్ అంకెలున్న మాట్రిక్స్‌లో నెగెటివ్ మొత్తం కనిపిస్తే నేను ఫార్ములా చదవను, ముందు -1 ఇండెక్స్ కోసం వెతుకుతాను. మాట్రిక్స్‌లోనే నెగెటివ్‌లుంటే ఈ సూచన కూడా ఉండదు.

సీ ప్లస్ ప్లస్‌లో కథ ఇంకో రకం. గ్లోబల్‌గా `int Q[1005][1005]` అని పెట్టుకుని Q[i][-1] చదివితే, భాష నియమాల ప్రకారం దానికి అర్థం లేదు, ఏమైనా జరగొచ్చు. మామూలుగా జరిగేది మాత్రం Q[i-1][1004] చదవడం. మాట్రిక్స్ 1000 వెడల్పుంటే ఆ గడి ఎవరూ ముట్టని సున్నా. జవాబు సరిగ్గా వచ్చేస్తుంది! పిల్లవాడు తన కోడ్ సరైనదనే నమ్ముతాడు. అదే కోడ్‌ని పట్టిక కొలత సరిగ్గా సరిపోయేలా వెక్టర్‌లోకి మార్చిన రోజు బయటపడుతుంది, అదీ బయటపడితే.

గీతల పద్ధతిలో r1 సున్నా అయితే P[0] చదువుతాం, అది ఉంది. ఇండెక్స్ ఎప్పటికీ సున్నా కిందికి దిగదు.

కట్టేటప్పుడు తీసివేత ఎందుకు?

పట్టిక కట్టడానికి కూడా చాలామంది ఇన్‌క్లూజన్ ఎక్స్‌క్లూజనే వాడతారు: గడి విలువ, ప్లస్ పైది, ప్లస్ ఎడమది, మైనస్ మూలది. అంటే ఒకే కోడ్‌లో రెండు చోట్ల నాలుగేసి పదాలు, గుర్తులు మాత్రం తలకిందులు. మొదటిదాంట్లో మూలను తీసేయాలి, రెండోదాంట్లో కలపాలి. పిల్లలు ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని "సరిచేయడం" నేను చూశాను.

కట్టేటప్పుడు తీసివేత అవసరమే లేదు. రోలో ఇప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టుకుంటే చాలు.

```python
n, m = len(A), len(A[0])
P = [[0]*(m+1) for _ in range(n+1)]
for i in range(n):
    row = 0
    for j in range(m):
        row += A[i][j]
        P[i+1][j+1] = P[i][j+1] + row
```

i గీతకు పైనున్నదంతా P[i][j+1]లో ఉంది, ఈ రోలో j+1 గీత దాకా ఉన్నది rowలో ఉంది. రెండింటికీ ఉమ్మడి గడి ఒక్కటీ లేదు కాబట్టి తీసేయాల్సిందీ ఏమీ లేదు. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. పాల్ వయోలా, మైకేల్ జోన్స్ 2001లో ఫొటోల్లో ముఖాలు గుర్తించే పద్ధతి గురించి రాసిన పేపర్‌లో ఈ పట్టికను ఇంటిగ్రల్ ఇమేజ్ అన్నారు. దాన్ని ఒకే చుట్టులో కట్టడానికి వాళ్లిచ్చిన రెండు సమీకరణాలు ఇవే, నడుస్తున్న మొత్తంతో. అంతకుముందు 1984లోనే ఫ్రాంక్లిన్ క్రో కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో టెక్స్చర్ల కోసం సమ్డ్ ఏరియా టేబుల్ అనే పేరుతో ఈ పట్టికను ప్రవేశపెట్టాడు.

వయోలా, జోన్స్ పేపర్‌లో ఒక చిన్న సంగతి నా వాదనకు పనికొస్తుంది. వాళ్లు పట్టికను గడుల పద్ధతిలోనే, ఆ పిక్సెల్‌తో కలిపి అని నిర్వచించారు. అందువల్ల -1 దగ్గర విలువ సున్నా అనుకోవాలని పక్కన ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. కాగితం మీద అలా అనుకుంటే సరిపోతుంది, మెమరీలో సరిపోదు. ఓపెన్‌సీవీ లైబ్రరీలో integral ఫంక్షన్ తిరిగిచ్చే పట్టిక అసలు బొమ్మ కంటే ఒక రో, ఒక కాలమ్ ఎక్కువ ఉంటుంది. పేపర్‌లో "అనుకుందాం" అన్న గీత అక్కడ నిజంగానే ఉంది.

కట్టేటప్పుడు పాత పద్ధతే వాడి మూలను తీసేయడం మర్చిపోతే ఎలా తెలుస్తుంది? మొదటి రో, మొదటి కాలమ్ సరిగ్గానే ఉంటాయి. అన్నీ ఒకట్లున్న 2 × 2 మాట్రిక్స్‌కి చివరి విలువ 4 బదులు 5 వస్తుంది. ఆపైన అది పెరుగుతూ పోతుంది, 10 × 10కి 100 రావాల్సిన చోట లక్ష దాటుతుంది. ఇంత పెద్దగా అరిచే తప్పు కాబట్టి దీని గురించి నాకు పెద్ద దిగుల్లేదు.

మిత్రుడి అభ్యంతరం

విజయనగరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పే నా స్నేహితుడు దీనికి ఒప్పుకోడు. ఫోన్‌లో ఇదంతా చెబితే, "ప్రశ్నలో ఇచ్చేది గడుల నంబర్లే కదా గురూ. నువ్వు గీతలంటావు, ప్రశ్నపత్రం గడులంటుంది. పిల్లలు ఎలాగూ మార్చుకోవాలి. ఆ మార్చడంలో మైనస్ వన్ మళ్లీ వస్తుంది. ఇంట్లో చెత్త ఊడ్చి వీధిలో పోసినట్టే కదా?" అన్నాడు.

ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. ప్రోగ్రామింగ్ లెక్కలిచ్చే సైట్ సీఎస్ఈఎస్‌లో ఫారెస్ట్ క్వెరీస్ అనే లెక్కలో రో, కాలమ్ నంబర్లు ఒకటి నుంచి మొదలవుతాయి, రెండు చివరలూ కలిపే. అలాంటిదే ఇంకో సైట్ లీట్‌కోడ్‌లో 304వ లెక్కలో సున్నా నుంచి మొదలవుతాయి, అక్కడా రెండు చివరలూ కలిపే. గీతల్లోకి మార్చాలంటే మొదటిదాంట్లో r1, c1లను ఒకటి తగ్గించాలి. రెండోదాంట్లో r2, c2లను ఒకటి పెంచాలి. మైనస్ వన్, ప్లస్ వన్ మాయం కాలేదు, నిజమే.

కానీ ఎక్కడికి పోయాయో చూడాలి. గడుల ఫార్ములాలో r1-1 రెండుసార్లు, c1-1 రెండుసార్లు వస్తాయి. వాటిలో ఒక్కటి తప్పినా జవాబు వంకరగా తప్పుతుంది. ఉదాహరణకు పై Q పట్టికతో మన 16 క్వెరీలో, చివరి పదంలో మాత్రం Q[0][0] బదులు Q[1][1] వేస్తే 31 - 11 - 8 + 15 = 27. అదనంగా వచ్చిన 11 అంటే 2, 3, 6. మూల చుట్టూ ఎల్ ఆకారంలో ఉన్న మూడు గడులు. అందులో 6 రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. ఇలాంటి ఆకారాన్ని జవాబు చూసి ఊహించడం కష్టం. గీతల పద్ధతిలో మార్పిడి ఒక్క లైను, ఇన్‌పుట్ చదివిన వెంటనే. అది తప్పితే దీర్ఘచతురస్రం మొత్తంగా జరుగుతుంది లేదా ఒక వరస పెరుగుతుంది, తరుగుతుంది. దీర్ఘచతురస్రం దీర్ఘచతురస్రంగానే మిగులుతుంది. వెతకాల్సిన చోటు కూడా ఒక్కటే.

మిత్రుడి మాటలో నేను ఒప్పుకునే భాగం ఒకటుంది. గీతల పద్ధతి సగం నేర్చుకోవడం, అసలు నేర్చుకోకపోవడం కంటే ప్రమాదం. ఇన్‌పుట్ దగ్గర r1 తగ్గించి, అలవాటుకొద్దీ ఫార్ములాలో మళ్లీ r1-1 రాసేవాళ్లున్నారు. అందుకని ఫార్ములాను ఫంక్షన్‌లో పెట్టి, దాని లోపల ఇక చేయి పెట్టొద్దని చెబుతాను. ఇండెక్స్‌తో ఏ సర్దుబాటైనా ఫంక్షన్ బయటే. మిత్రుడు దీనికీ పూర్తిగా దిగిరాలేదు, "అన్నీ ఒకటి నుంచి పెట్టుకుంటే పోలా" అన్నాడు. పోటీ లెక్కలకు అది చాలావరకు సరిపోతుంది. అందులో r1-1 అంటే పై గీత, r2 అంటే కింది గీత. అది గీతల పద్ధతే, పేరు పెట్టకుండా వాడుతున్నాడు. ఆ సంగతి తెలిసి వాడితే నాకు అభ్యంతరం లేదు.

తప్పును చదవగలిగే మాట్రిక్స్

ఇంతా చేసి, కోడ్ సరైనదో కాదో ఎలా తెలుసుకోవాలి? పిల్లలు మామూలుగా పెట్టే టెస్టు, అన్నీ ఒకట్లున్న మాట్రిక్స్. జవాబు గడుల సంఖ్యకు సమానమైతే సరే అనుకుంటారు. కానీ జరిగిపోయిన కిటికీలో కూడా అన్నే గడులుంటాయి. మొదట్లో చెప్పిన 15 తప్పును ఒకట్ల మాట్రిక్స్ ఎప్పటికీ పట్టుకోలేదు.

నేను వేయమనేది పదుల మాట్రిక్స్. గడులకు వరసగా 10 యొక్క ఘాతాలు ఇవ్వాలి: 3 × 4 మాట్రిక్స్‌లో A[i][j] = 10^(4i+j). మొదటి రో 1, 10, 100, 1000. రెండో రో 10000తో మొదలు. ఇప్పుడు జవాబులో ప్రతి అంకె స్థానం ఒక గడి. ఆ స్థానంలో ఉన్న అంకె, ఆ గడిని ఎన్నిసార్లు కూడామో చెబుతుంది.

మన క్వెరీకి సరైన జవాబు 11001100000. కుడి నుంచి నాలుగేసి అంకెలుగా విడగొడితే మాట్రిక్స్ అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది.

```
సరైనది           110 0110 0000
కిటికీ జరిగితే        0  0011 0011
మూల పదం తప్పితే   110 0121 0010
```

కుడి చివరి నాలుగూ 0వ రో, మధ్యవి 1వ రో, ఎడమవి 2వ రో. మూడో లైన్లో ఆ 2ని చూడండి. 1వ రో, 1వ కాలమ్ గడి రెండుసార్లు లెక్కకొచ్చింది. దాని పక్కన 0వ కాలమ్ గడి, పైన 0వ రో గడి అనవసరంగా చేరాయి. ఇందాకటి ఎల్ ఆకారం ఇదే, ఈసారి ఊహించనక్కర్లేకుండా. మూల పదం కలపడం పూర్తిగా మర్చిపోతే 11001099999 వస్తుంది. ఏ గడి అయినా అవసరానికి మించి తీసేసినప్పుడు ఇలా తొమ్మిదుల వరస పుడుతుంది. కుడి నుంచి చూస్తే మొదటి తొమ్మిది ఏ స్థానంలో ఉందో, అక్కడి గడే రెండుసార్లు పోయింది. ఇక్కడ కుడి చివరి స్థానం, అంటే 0వ రో, 0వ కాలమ్.

ఈ మాట్రిక్స్ చతురస్రంగా ఉండకూడదు. 3 × 3 అయితే రో, కాలమ్ తారుమారు చేసిన కోడ్ కొన్ని క్వెరీల్లో తప్పించుకుంటుంది. 3 × 4 అయితే ఇండెక్స్ హద్దు దాటి ఎర్రర్ వస్తుంది, లేదా అంకెలు వేరే చోట పడతాయి. పన్నెండు గడులే కాబట్టి అతిపెద్ద విలువ 10^11, 64 బిట్లలో సులువుగా పడుతుంది. నాలుగు అడ్డగీతల్లోంచి రెండు ఎంచడానికి 6 దారులు, అయిదు నిలువుగీతల్లోంచి రెండు ఎంచడానికి 10 దారులు. ఖాళీవి కాని దీర్ఘచతురస్రాలు మొత్తం 60. అన్నింటినీ నాలుగు లూపులతో నేరుగా కూడిన జవాబుతో పోల్చడానికి రెప్పపాటు కూడా పట్టదు. అంచులకు ఆనుకున్నవి, ఒక్క గడివి, మొత్తం మాట్రిక్స్, అన్నీ ఈ అరవైలో ఉంటాయి.

పట్టికను ఈ టెస్టు కోసం మాత్రమే 64 బిట్లకు మార్చి, ఆపైన మళ్లీ int చేసేస్తే, ఈ టెస్టు పట్టుకోలేనిది ఒకటుంది. 1000 × 1000 మాట్రిక్స్‌లో ఒక్కో గడి 10^9 దాకా ఉంటే మూలలో విలువ 10^15 అవుతుంది. P పట్టికను int అని ప్రకటించిన సీ ప్లస్ ప్లస్ కోడ్ అక్కడ పొర్లిపోతుంది. క్వెరీ చిన్నదే, జవాబు చిన్నదే, గడులన్నీ intలో పట్టేవే అయినా సరే, పట్టిక మాత్రం long long కావాలి. దానికి వేరే టెస్టు రాయాలి: అన్నీ 10^9 పెట్టిన పెద్ద మాట్రిక్స్, క్వెరీ మొత్తం మాట్రిక్స్‌కి ఒకటి.